1715 నుంచి ఎటు, ఎందుకు?

గోళ్ల రంగు తుడిచే ఎసిటోన్ ఒక చుక్క తీసుకుని దాని గుండా పరారుణ కాంతిని పంపితే, ఆ కాంతిలో కొంత భాగం అవతలికి చేరదు. ఏయే తరంగాలు ఆగిపోయాయో యంత్రం ఒక గీతగా గీసి చూపిస్తుంది. ఆ గీతలో అన్నిటికన్నా లోతుగా దిగిన గుంటల్లో ఒకటి 1715 అనే అంకె దగ్గర ఉంటుంది. ఒక సెంటీమీటరు పొడవులో ఆ కాంతి తరంగాలు 1715 పడతాయని దాని అర్థం. ఎసిటోన్ అణువులో కార్బన్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య ఉన్న ద్విబంధం సాగుతూ ముడుచుకుంటూ కంపిస్తుంటుంది. సెకనుకు దాదాపు 50 లక్షల కోట్ల కంపనాలు. సరిగ్గా అదే లయలో ఉన్న కాంతిని అది పీల్చుకుంటుంది.

C=O అని రాసే ఈ జంట పేరు కార్బనైల్. వెనిగర్‌లో, దాల్చినచెక్క వాసనలో, ఆస్పిరిన్ బిళ్లలో, మన ఒంట్లోని ప్రతి ప్రొటీన్‌లో అది ఉంది. కానీ ప్రతిచోటా అంకె 1715 కాదు. ఎసిటిక్ ఆమ్లం నుంచి తయారయ్యే పదార్థాలనే వరసగా చూద్దాం. ఎసిటైల్ క్లోరైడ్‌లో అది 1800 దాకా ఎక్కుతుంది. ఇథైల్ ఎసిటేట్ అనే ఎస్టర్‌లో 1740 దగ్గర ఉంటుంది. ఎమైడ్లలో 1650 ప్రాంతానికి దిగిపోతుంది. విద్యార్థులు ఈ అంకెలను పట్టికగా బట్టీ పడతారు. పట్టిక మరిచిపోయినా ఫరవాలేదు. కారణం తెలిస్తే అంకె ఎటు జరుగుతుందో ముందే చెప్పొచ్చు.

బంధం బిగువు

వీణ తీగను బిగిస్తే శ్రుతి పెరుగుతుంది, సడలిస్తే తగ్గుతుంది. రసాయన బంధం కూడా అంతే. రెండు చివరలా ఉన్న పరమాణువుల బరువు మారనప్పుడు కంపన వేగాన్ని నిర్ణయించేది బంధం బిగువే. కార్బనైల్‌లో రెండు చివరలూ ఎప్పుడూ కార్బన్, ఆక్సిజన్లే కాబట్టి అంకె మారిందంటే ముందుగా బిగువునే అనుమానించాలి. కంపన వేగం బిగువు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. అందుకే 1715 కాస్తా 1685 అయిందంటే అంకెలో తేడా రెండు శాతం లోపే ఉన్నా, బంధం బిగువు మూడున్నర శాతం తగ్గినట్టు.

మరి బిగువు ఎందుకు మారుతుంది? ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్లంటే ఆశ ఎక్కువ. ద్విబంధంలో ఉమ్మడిగా ఉండాల్సిన ఎలక్ట్రాన్లను అది తనవైపు లాక్కుంటుంది. అందువల్ల కార్బనైల్‌ను రెండు రకాలుగా బొమ్మ గీయొచ్చు. ఒకటి C=O, అంటే నిండైన ద్విబంధం. రెండోది ఆక్సిజన్ మీద రుణావేశం, కార్బన్ మీద ధనావేశం ఉండి, మధ్యలో ఒకే బంధం మిగిలిన రూపం. అసలు అణువు ఈ రెంటికీ నడుమ ఉంటుంది. అది మొదటి రూపానికి దగ్గరైతే బంధం బిగుసుకుని అంకె పెరుగుతుంది. రెండో రూపానికి దగ్గరైతే సడలి అంకె తగ్గుతుంది. కార్బనైల్ రకం, సంయుగ్మం అనే మొదటి రెండు కారణాలకూ ఇదే తాళంచెవి.

పక్కన ఎవరున్నారు?

కార్బనైల్ కార్బన్‌కు ఆనుకుని ఉన్న పరమాణువు రెండు పనులు చేయగలదు. కార్బన్ నుంచి ఎలక్ట్రాన్లను గుంజుకోగలదు, తన దగ్గర ఖాళీగా ఉన్న ఎలక్ట్రాన్ జంటను దానికి ఇవ్వనూ గలదు. గుంజుకుంటే కార్బన్ మీద ధనావేశం నిలవడం కష్టమవుతుంది. రెండో రూపం వెనకబడి, ద్విబంధం బిగుస్తుంది. ఇస్తే ఆ ధనావేశానికి ఆసరా దొరుకుతుంది. రెండో రూపం బలపడి, బంధం సడలుతుంది.

క్లోరిన్ గట్టిగా గుంజుకుంటుంది. ఇవ్వడంలో మాత్రం పనికిరాదు. దాని ఎలక్ట్రాన్ జంట ఉన్న కక్ష్య పెద్దది, కార్బన్ కక్ష్యతో సరిగా కలవదు. ఫలితం 1800. ఎస్టర్‌లోని ఆక్సిజన్ గుంజుకుంటుంది, ఇస్తుంది కూడా. గుంజుడే కాస్త పైచేయి కాబట్టి 1740. ఎమైడ్‌లోని నైట్రోజన్ ఉదారంగా ఇస్తుంది. అందుకే 1650 దరిదాపులు. ప్రొటీన్లలో అమైనో ఆమ్లాలను కలిపే బంధం ఈ ఎమైడే. నైట్రోజన్ ఇచ్చిన జంట వల్ల ఆ బంధం అంత తేలిగ్గా తెగదు.

పక్కనే ఇంకో ద్విబంధం

సైక్లోహెక్సనోన్‌లో ఆరు కార్బన్ల వలయం, దాని మీద ఒక కార్బనైల్. అంకె 1715. అదే వలయంలో కార్బనైల్‌కు ఒక్క ఒంటి బంధం అవతల కార్బన్‌ల మధ్య ద్విబంధం పెడితే అది సైక్లోహెక్సెనోన్ అవుతుంది. అంకె 1685కు దిగుతుంది. ఇలా ఒకటి విడిచి ఒకటిగా వచ్చే ద్విబంధాలనే సంయుగ్మ ద్విబంధాలంటారు. కార్బనైల్ కార్బన్ మీది ధనావేశం అప్పుడు పక్క ద్విబంధం మీదుగా రెండు కార్బన్ల అవతలికి కూడా పరుచుకోగలదు. సాగే చోటు దొరికిన కొద్దీ రెండో రూపం బలపడుతుంది, C=O సడలుతుంది. బెంజీన్ వలయం పక్కన ఉన్నా ఇంతే. ఎసిటోఫీనోన్‌లో 1685 దగ్గరే గుంట కనిపిస్తుంది.

అయితే ఇక్కడ ఒక షరతుంది. రెండు ద్విబంధాలూ ఒకే తలంలో పడుకుని ఉంటేనే ఎలక్ట్రాన్లు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పారతాయి. ఎసిటోఫీనోన్‌లోని బెంజీన్ వలయం మీద కార్బనైల్‌కు అటూ ఇటూ మిథైల్ గుంపులు తగిలిస్తే చోటు చాలక కార్బనైల్ మెలితిరుగుతుంది. బొమ్మలో సంయుగ్మం అలాగే కనిపిస్తుంది కానీ అంకె 1700 వైపు తిరిగి ఎక్కుతుంది. కాగితం మీద కనబడని ఆ మెలికను పరారుణ కాంతి పట్టిస్తుంది.

వలయం చిన్నదైతే

ఆరు కార్బన్ల వలయంలో 1715. అయిదింటికి 1745. నాలుగింటికి 1780. మూడే మిగిలితే 1815 దగ్గర. పక్కన ఉన్నవి అవే కార్బన్లు, కొత్తగా గుంజేవారూ ఇచ్చేవారూ లేరు. ఇది ఎలక్ట్రాన్ల బేరంతో తేలే లెక్క కాదు. ఇక్కడ ముఖ్యమైన కారణం జ్యామితి.

కార్బనైల్ కంపించేటప్పుడు ఆక్సిజన్ ఒక్కటే కదలదు. కార్బన్ కూడా ఎదురు దిశలో, వలయం లోపలికి కదులుతుంది. అలా కదిలినప్పుడు తనకు అటూ ఇటూ ఉన్న రెండు C–C బంధాలను కూడా నొక్కాలి. ఆ రెండు బంధాల మధ్య కోణం 120 డిగ్రీలకు దగ్గరగా ఉంటే అవి బాగా పక్కలకు విప్పారి ఉంటాయి, కార్బన్ కదలికను పెద్దగా అడ్డుకోవు. కోణం 90కి, 60కి కుదించుకుపోయే కొద్దీ అవి కార్బన్ వెళ్లే దారిలోకే వచ్చి నిలబడతాయి. ఒక్కో అడుగు కదలికకూ ఎక్కువ నొక్కాలి. లెక్క వేస్తే, 120 డిగ్రీలప్పుడున్న అడ్డంకి 90 డిగ్రీలకు రెట్టింపవుతుంది, 60కి మూడు రెట్లవుతుంది. దానికి తగ్గట్టు కంపన వేగం పెరుగుతుంది.

పాఠ్యపుస్తకాల్లో ఇంకో కారణం కూడా కనిపిస్తుంది. ఇరుకు వలయంలో కార్బన్ తన కక్ష్యలను సర్దుకునేటప్పుడు బయటికి ఉన్న C=O బంధానికి ఎక్కువ ఎస్ స్వభావం దక్కి అది కొంత పొట్టిదై బిగుస్తుందని. అందులోనూ నిజముంది. కానీ చిన్న వలయాల్లో అంకె పెరుగుదల మొత్తాన్నీ C=O బలంగా చదివితే తప్పవుతుంది. ఆ పెరుగుదలలో పెద్ద వాటా పక్క బంధాలు పెట్టే అడ్డంకిది.

రెండు కారణాలు కలిసినప్పుడు

ఈ కారణాలు దాదాపుగా కూడికలు, తీసివేతల్లా పనిచేస్తాయి. దీనివల్ల మేలూ ఉంది, ప్రమాదమూ ఉంది. అయిదు కార్బన్ల వలయానికి 1745. దానికి సంయుగ్మ ద్విబంధం జోడిస్తే 30 తగ్గి 1715. అంటే సైక్లోపెంటెనోన్ సరిగ్గా ఎసిటోన్‌లాగే కనిపిస్తుంది. ఆ ఒక్క అంకెనే నమ్ముకుంటే మోసపోతాం. తేడా తెలియాలంటే పక్కన వెతకాలి. 1600 ప్రాంతంలో C=C ద్విబంధం గుంట ఉందా? 3000కు కొంచెం పైన ద్విబంధం మీది హైడ్రోజన్ కనిపిస్తోందా? ఉంటే అది ఎసిటోన్ కాదు.

నమూనా ఉన్న స్థితి కూడా అంకెను జరుపుతుంది. కార్బనైల్ ఆక్సిజన్‌ను పక్క అణువులోని హైడ్రోజన్ పట్టుకుంటే బంధం సడలుతుంది. ఎసిటిక్ ఆమ్లం అణువులు రెండేసి జతగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నప్పుడు 1710 దగ్గర చూపిస్తాయి. విడివిడిగా ఉంటే 1760 పైకి వెళ్తాయి. కాబట్టి పొడిలో తీసిన అంకెను పలచని ద్రావణంలో తీసినదానితో నేరుగా పోల్చకూడదు.

పెన్సిలిన్‌లో మూడు కార్బనైల్‌లు

ఈ లెక్కంతా ఒకే అణువులో పెట్టి చూడాలంటే పెన్సిలిన్‌ను మించింది లేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో దాని నిర్మాణం మీద ఆక్స్‌ఫర్డ్‌లో, అమెరికాలో పెద్ద వాదం నడిచింది. 1943లో ఎర్నెస్ట్ చెయిన్, ఎడ్వర్డ్ అబ్రహాం బీటా లాక్టమ్‌ను, అంటే నైట్రోజన్‌తో కూడిన నాలుగు పరమాణువుల ఇరుకు వలయాన్ని ప్రతిపాదించారు. రాబర్ట్ రాబిన్సన్ ఆక్సజోలోన్ అనే అయిదు పరమాణువుల వలయం వైపు మొగ్గారు. 1945లో డొరోతీ హాడ్జ్‌కిన్ ఎక్స్ రే చిత్రాలతో నాలుగు పరమాణువుల వలయాన్నే రుజువు చేశారు.

బెంజైల్ పెన్సిలిన్ సోడియం లవణం పరారుణ పటంలో ఈ ప్రాంతంలో మూడు గుంటలుంటాయి. 1600 దగ్గరిది ఆమ్లం హైడ్రోజన్ పోగొట్టుకుని ఆవేశంతో ఉన్న గుంపుది. అక్కడ రెండు ఆక్సిజన్లూ ద్విబంధాన్ని సగం సగం పంచుకుంటాయి కాబట్టి బంధం బాగా సడలి ఉంటుంది. 1670 దగ్గరిది పక్క గొలుసులోని మామూలు ఎమైడ్. మూడోది 1775 దగ్గర. అది కూడా ఎమైడే, పక్కన నైట్రోజనే ఉంది. అయినా మామూలు ఎమైడ్ కంటే వంద పైన ఉంది.

ఆ వందను విడదీసి చూద్దాం. నాలుగు పరమాణువుల వలయం వల్ల కోణం దాదాపు 90 డిగ్రీలకు కుదించుకుపోయింది. అంకె పైకి జరగడానికి అది మొదటి కారణం. కానీ ఒంటరిగా ఉన్న బీటా లాక్టమ్ వలయాలు సాధారణంగా 1730 నుంచి 1760 మధ్యే ఆగుతాయి. మిగతా ఎత్తు ఎక్కడిది? పెన్సిలిన్‌లో ఆ వలయానికి గంధకం ఉన్న అయిదు పరమాణువుల వలయం అతుక్కుని ఉంది. రెండూ కలిసి తెరిచిన పుస్తకంలా మడత పడతాయి. మడత దగ్గరే నైట్రోజన్ ఉంది. అది చదునుగా పరుచుకోలేక తన ఎలక్ట్రాన్ జంటను కార్బనైల్‌కు సరిగా ఇవ్వలేకపోతుంది. ఎమైడ్‌లో అంకెను కిందికి దించేది ఆ దానమే. అది తగ్గడంతో అంకె ఇంకా పైకి పోయింది.

మందుగా దాని పని వెనక కూడా ఇదే ఉంది. నైట్రోజన్ దానం లేని ఆ కార్బన్ ఎలక్ట్రాన్ల కోసం ఆకలిగా ఉంటుంది. బ్యాక్టీరియా తన గోడ కట్టుకోవడానికి వాడే ఎంజైమ్ దాన్ని తాకగానే వలయం తెరుచుకుని ఎంజైమ్‌కు అతుక్కుపోతుంది. గోడ పని ఆగిపోతుంది. మందుకు లొంగని బ్యాక్టీరియా బీటా లాక్టమేజ్ అనే ఇంకో ఎంజైమ్‌తో ఆ వలయాన్ని ముందే నీటితో తెంచేస్తుంది. అప్పుడు 1775 గుంట చెరిగిపోయి 1600 దగ్గరి గుంట లోతవుతుంది. నీళ్లలో ఈ మార్పును చూడటం కష్టం. నీటికే 1640 దగ్గర పెద్ద గుంట ఉంది. అందుకే హైడ్రోజన్‌కు బదులు డ్యుటీరియం ఉన్న భారజలం వాడతారు. అందులో పెన్సిలిన్ ఎంతసేపు నిలిచిందో 1775 దగ్గరి గుంట లోతును కొలిచి చెప్పొచ్చు.