ఆఫ్‌లో ఉన్నా కరెంటు వదిలే రిలే

పన్నెండు రోజుల్లో లక్ష సార్లు: 230 వోల్టుల మీద 2000 వాట్ల హీటర్ 8.7 ఆంపియర్లు లాగుతుంది. టెంపరేచర్ కంట్రోలర్ దాన్ని 10 సెకన్లకోసారి వేసి ఆపుతుంటే రోజుకు 8,640 సార్లు. మామూలు కాయిల్ రిలేకు లోడు లేకపోతే కోటి సార్లు కొట్టుకునే సత్తా ఉంటుంది. పూర్తి లోడు పెడితే చాలా రకాలకు ఆ లెక్క లక్షకు పడిపోతుంది. కాంటాక్ట్‌లు విడిపోయేటప్పుడు లేచే నిప్పురవ్వ వాటిని కొంచెం కొంచెంగా తినేస్తుంది. పన్నెండు రోజులు గడవకముందే ఆ లక్ష అయిపోతుంది.

చప్పుడు లేని స్విచ్: సాలిడ్ స్టేట్ రిలేలో కదిలే భాగమే లేదు. హీటర్లకు వాడే రకం ఏసీ వోల్టేజీ సున్నాకు వచ్చినప్పుడు ఆన్ అవుతుంది. మన 50 హెర్ట్జ్ సరఫరాలో అందుకు 10 మిల్లీసెకన్లకు మించి ఆగనక్కర్లేదు. మాటిమాటికీ వేసి ఆపే పనికి దీన్ని మించింది లేదు.

సోల్డరింగ్ ఐరన్‌లో సగం వేడి: ఇక్కడ మాత్రం కాయిల్ రిలేదే గెలుపు. దాని కాంటాక్ట్‌ల దగ్గర పుట్టే వేడి సుమారు ఒక వాటు. సాలిడ్ స్టేట్ రిలే మాత్రం ఆన్‌లో ఉన్నంతసేపూ దాదాపు 1.4 వోల్టులు తనలోనే మింగుతుంది. 8.7 ఆంపియర్లతో గుణిస్తే 12 వాట్లు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌లో సగం వేడి అగ్గిపెట్టెంత డబ్బాలో పుడుతుందన్నమాట! పైన 40 ఆంపియర్లు అని రాసి ఉన్నా, హీట్ సింక్ లేకుండా అది మోసేది నాలుగైదు ఆంపియర్లే. ప్యానెల్ పెట్టెలో 45 డిగ్రీలు ఉంటే, వాటుకు 2 డిగ్రీలు పెరిగే హీట్ సింక్ మీద దాని అడుగు రేకు 69 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. అది ఫరవాలేదు. మధ్యలో థర్మల్ పేస్ట్ పలచగా పూయాలి, రెక్కలు నిలువుగా ఉండాలి. అడ్డంగా బిగిస్తే వేడిగాలి పైకి పోలేదు.

ఆఫ్‌లోనూ 230 వోల్టులు: హీటర్ వైరు ఊడదీసి, రిలే ఆఫ్‌లో ఉండగా అవుట్‌పుట్ దగ్గర మీటరు పెట్టండి. దాదాపు పూర్తి వోల్టేజీ చూపిస్తుంది, టెస్టర్ వెలుగుతుంది. రిలే పాడైందని చాలామంది పారేసేది ఇక్కడే. లోపలి రక్షణ సర్క్యూట్ గుండా కొన్ని మిల్లీఆంపియర్లు కారుతుంటాయి, అంతే. 5 మిల్లీఆంపియర్లే అనుకుందాం. హీటర్ మళ్లీ కలిపితే దాని 26.5 ఓమ్‌ల మీద మిగిలేది 0.13 వోల్టు. హీటర్‌కు అదొక లెక్క కాదు కానీ ఊడిన కొసను పట్టుకున్న చేతికి షాక్ తగులుతుంది.

హీటర్ కలిపి ఉండగా, రిలే ఆఫ్‌లో కూడా పూర్తి వోల్టేజీ వస్తూ వేడి ఆగకపోతే అప్పుడు రిలే నిజంగానే పోయినట్టు. ఇవి పోయేటప్పుడు ఎక్కువగా షార్ట్ అయ్యే పోతాయి, అంటే హీటర్ ఆన్‌లోనే ఉండిపోతుంది. అందుకని కంట్రోలర్‌తో సంబంధం లేని థర్మల్ కటాఫ్ ఒకటి విడిగా పెట్టండి. టెర్మినల్ ముట్టుకునే ముందు రిలేను నమ్మకుండా మెయిన్ స్విచ్ ఆపండి.