కోర్సు ధర ఎంత? ముందు కొన్నవారికి ఎంత?

మగ్గం వర్క్ నేర్పే టీచర్ ఒకరు ఉన్నారనుకుందాం. ఇన్నాళ్లూ ఇంట్లో క్లాసులు చెప్పారు. ఇప్పుడు ఆరి సూది పట్టుకోవడం దగ్గర్నుంచి పెళ్లి బ్లౌజు పూర్తిచేయడం దాకా పాఠాలన్నీ వీడియోలుగా తీశారు. ఒక్కసారి డబ్బు కడితే చాలు, ఎప్పుడైనా చూసుకోవచ్చు. ఆమె వాట్సాప్ గ్రూపులో ఆసక్తి ఉన్నవాళ్లు 600 మంది దాకా ఉన్నారు. రేపో మాపో ప్రకటన పెట్టాలి. తేలనిది ఒక్కటే, ధర.

ఇలాంటి సమయంలో ఎక్కువమంది ముందు ఆఫర్ గురించి ఆలోచిస్తారు. 999 అయితే కొంటారేమో అనిపిస్తుంది. వెంటనే పక్కన 4,999 అని రాసి, దాన్ని కొట్టేసి, 999కే ఇస్తున్నామని పోస్టర్ చేయిస్తారు. ఆ 4,999కి కోర్సు ఎప్పుడూ అమ్మలేదు, అమ్మే ఉద్దేశమూ లేదు. చూసేవాళ్లకు ఆ సంగతి ఇట్టే తెలిసిపోతుంది. అందుకే ముందు తేల్చుకోవలసింది అసలు ధర. ఆఫర్ లేని మామూలు రోజున, మొహమాటం లేకుండా చెప్పగలిగే ధర అది.

ఆ ధరను వీడియోల నిడివిని బట్టి కట్టకూడదు. ఇరవై గంటల పాఠాలున్నాయని కొనేవారు సంబరపడరు, అన్ని గంటలు కూర్చోవాలా అనుకుంటారు. నేర్చుకున్నాక వాళ్ల చేతికి ఏమొస్తుందన్నది చూడాలి. మన టీచర్ ఊళ్లో ఓ మాదిరి మగ్గం బ్లౌజుకు 3,000 తీసుకుంటున్నారనుకుందాం. అదే ఊళ్లో నేరుగా నేర్పే క్లాసుకు 6,000 ఫీజు. ఈ రెండూ తెలిసిన మనిషికి 2,400 ఎక్కువనిపించదు. మొదటి బ్లౌజు కూలితోనే పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. ఉచిత వీడియోలు ఎన్నో ఉన్నాయి కదా అంటే, వాటిలో వరుస ఉండదు, తప్పు కుట్టినప్పుడు దిద్దేవాళ్లుండరు. 2,400 తీసుకునేది ఆ రెండింటికీ.

ఇక ముందుగా కొనేవారి సంగతి. వాళ్లకు తగ్గించడానికి గట్టి కారణమే ఉంది. కోర్సు బాగుందని చెప్పినవాళ్లు ఇంకా ఎవరూ లేరు. టీచర్ మీద నమ్మకంతోనే డబ్బు కడుతున్నారు. మూడో పాఠంలో మాట సరిగా వినబడటం లేదని, ఫలానా చోట సూది కనిపించడం లేదని మొదట చెప్పేదీ వాళ్లే. తగ్గింపు వాళ్ల ధైర్యానికి, ఓపికకు ఇచ్చే ప్రతిఫలం. 2,400లో ఓ వంద తగ్గిస్తే ఎవరూ కదలరు. సగానికి సగం కోస్తే అసలు ధరే బూటకమనిపిస్తుంది. పావు వంతు తగ్గిస్తే 1,800 అవుతుంది. దీన్ని ఐదు రోజులు ఉంచుదాం.

ఇప్పుడు లెక్క వేయాలి. విడుదల సమయంలో కొనేవాళ్లలో ఎక్కువమంది తొలిరోజున, ఆఫర్ ముగిసే రోజున వస్తారు. అంటే చాలామంది కట్టేది 1,800. కాబట్టి గిట్టుబాటు ఆ ధరకే చూసుకోవాలి. మొత్తం 40 మంది కొన్నారని, వాళ్లలో 30 మంది ఆఫర్‌లో, 10 మంది పూర్తి ధరకు కొన్నారని అనుకుందాం. 54,000, 24,000 కలిపి 78,000. పేమెంట్ గేట్‌వే రుసుము 2 శాతం, దానిపై జీఎస్టీ కలిపి సుమారు 1,840 పోతుంది. ఇద్దరు డబ్బు వెనక్కి అడిగితే మరో 3,600. చేతికొచ్చేది 72,500 పైచిలుకు. షూటింగ్, ఎడిటింగ్, ప్రకటనలకు 40,000 అయ్యాయంటే మిగిలేది 32,500. మూడు నెలల పాటు సందేహాలు తీర్చే పని కూడా ఈ డబ్బులోనే.

ఇదే కోర్సును 499కి పెడితే 78,000 రావడానికి 157 మంది కొనాలి. 600 మంది ఉన్న గ్రూపులో నలుగురిలో ఒకరు కొనడమంటే మాటలు కాదు. కొన్నారే అనుకున్నా, 157 మంది కుట్టిన ముక్కలు ఫొటోలు తీసి పంపితే చూసేది ఆమె ఒక్కతే.

పన్ను సంగతి కూడా ముందే చూసుకోవాలి. సేవల మీద ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. ఆన్‌లైన్ కోర్సుకు అది 18 శాతం. అప్పుడు 1,800లో దాదాపు 275 రూపాయలు ప్రభుత్వానివి. పోస్టర్‌లో 1,800 అని చూపి, డబ్బు కట్టే చివరి పేజీలో 324 కలిపితే కొనేవాళ్లు అక్కడే వెనక్కి తగ్గుతారు. అది నిబంధనలకూ విరుద్ధం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ప్రకటించిన మార్గదర్శకాలు 13 రకాల మోసపు ఎత్తుగడలను నిషేధించాయి. చివర్లో ధర పెంచి చూపడం వాటిలో ఒకటి.

లేని తొందర పుట్టించడం మరొకటి. రికార్డు చేసిన వీడియోను ఎంతమందైనా చూడొచ్చు. అలాంటప్పుడు ‘ఇంకా ఏడు సీట్లే’ అనడం అబద్ధం. టీచర్ స్వయంగా 20 మందికి లైవ్‌లో సందేహాలు తీరుస్తానంటే, ఆ 20 నిజమైన పరిమితి. కొన్ని పేజీల్లో గడియారం వెనక్కి నడుస్తూ ‘ఇంకా 14 నిమిషాలే’ అంటుంది. పేజీ మూసి తెరిస్తే మళ్లీ మొదటికొస్తుంది. అది ఒక్కసారి కంటబడితే, పాఠాలెంత బాగున్నాయని చెప్పినా నమ్మరు.

గడువు పెట్టేటప్పుడు తేదీతో పాటు సమయమూ చెప్పాలి. ‘ఆదివారం రాత్రి 11:59, భారత కాలమానం’ అని రాయాలి. డల్లాస్‌లో ఉన్న తెలుగువారికి అది ఇంకా ఆదివారం పగలే. కూపన్‌కు గడువు సమయం ముందే పెట్టేసి, మర్నాడు పొద్దున వేరే ఫోన్లో పేజీ తెరిచి 2,400 కనిపిస్తోందో లేదో చూసుకోవాలి. గడువులోగా కట్టబోతే యూపీఐ మధ్యలో ఆగిపోయిందని స్క్రీన్‌షాట్ పంపినవారికి పాత ధరకే ఇవ్వడం న్యాయం. మర్చిపోయామన్నవారికి మాత్రం మర్యాదగా కాదనాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది, ‘మీ కోరిక మీద మరో మూడు రోజులు’ అంటూ గడువు పొడిగించడం. ఆఖరి గంటలో ఎలాగో డబ్బు సర్దుకుని కట్టినవారు మోసపోయామనుకుంటారు. మిగతావారు ఆగితే మళ్లీ తగ్గుతుందని నేర్చుకుంటారు. ఆ తర్వాత 2,400కి కొనేవారుండరు, ‘మళ్లీ ఆఫర్ ఎప్పుడు?’ అని అడిగేవారే ఉంటారు.

అమ్మకాలు మందగిస్తే ధర మీద చేయి వేసే ముందు, జనం ఎక్కడ ఆగుతున్నారో చూడాలి. లింకే తెరవకపోతే లోపం ధరలో లేదు, ప్రకటన వాళ్లను తాకలేదు. పేజీ అంతా చదివి వెళ్లిపోతుంటే ఒక పాఠాన్ని ఉచితంగా చూపించాలి. డబ్బు కట్టే పేజీ దాకా వచ్చి ఆగిపోతుంటే అప్పుడు ధరను అనుమానించాలి. అప్పుడైనా తగ్గించేముందు రెండు వాయిదాల్లో కట్టే వీలు కల్పించి చూడొచ్చు. అడిగినవారంతా మారుమాట లేకుండా కొనేస్తుంటే ధర తక్కువైనట్టు. తర్వాతి విడతకు పెంచుకోవచ్చు. పెంచడం తేలిక, ఒకసారి పెట్టిన ధర దించడం కష్టం.

దసరాకో సంక్రాంతికో తగ్గింపు ఇవ్వాలనిపిస్తే 2,000కి ఇవ్వండి, 1,800 కంటే కిందికి మాత్రం దిగకండి. తొలి 30 మంది చెల్లించినదే ఈ కోర్సుకు అతి తక్కువ ధరగా నిలవాలి. ఆ మాట నిలబడితే, రెండో కోర్సు ప్రకటించిన రోజున మొదట డబ్బు కట్టేది వాళ్లే.