బోర్డు మీద చిన్న అంకె

తరగతి గదిలో పాఠం వీడియో తీసేవాళ్లు సాధారణంగా ఫోన్‌ని వెనక బెంచీ దగ్గర పెట్టి, బోర్డు ఈ చివర నుంచి ఆ చివరదాకా వచ్చేలా చూసుకుంటారు. అన్నీ వచ్చాయనిపిస్తుంది గానీ, ఇంట్లో చూసే పిల్లలకు ఏమీ కనపడదు.

ఇంటర్ లెక్కల క్లాసునే తీసుకుందాం. బోర్డు పొడవు 16 అడుగులు, చూసే ఫోన్ తెర అడ్డంగా సుమారు 6 అంగుళాలు. అంటే బోర్డు 32 రెట్లు చిన్నదైపోయింది. మాష్టారు 2 అంగుళాల ఎత్తున రాసిన అక్షరం తెరమీద మిల్లీమీటరున్నర. మాత్రికలో a కింద వేసే చిన్న అంకెలైతే అందులో సగం. అవి చదవలేనప్పుడు లెక్క మొత్తం పోయినట్టే. అందుకే ఒకసారికి సగం బోర్డే, 8 అడుగులే తీయాలి. ఆ సగం నిండాక, చెరిపే ముందు, అడ్డం తప్పుకుని నాలుగు క్షణాలు ఆగమని మాష్టారికి ముందే చెప్పాలి.

8 అడుగులు తెర నిండా రావాలంటే చాలా ఫోన్లను బోర్డుకు ఏడెనిమిది అడుగుల దూరంలో, అంటే మొదటి బెంచీ దగ్గర స్టాండు మీద పెడితే చాలు. అక్కడైతే ముందు తలకాయలు అడ్డం రావు, జూమ్ చేయక్కర్లేదు కాబట్టి అక్షరాలు అలుక్కుపోవు. కుడిచేత్తో రాసే మాష్టారి ఒళ్లు సాధారణంగా రాతకు ఎడమవైపే ఉంటుంది. అందుకని ఫోన్‌ని ఒక అడుగు కుడికి జరపండి, సుద్దముక్క కొస కనిపిస్తుంది. మరీ పక్కకు పోతే వరసలు ఏటవాలుగా వస్తాయి.

ఇక మెరుపు. ట్యూబులైటు బోర్డు మీద పడి తెల్లటి మచ్చ కడుతుంది. మనం నిలబడిన చోట అది లేకపోయినా ఫోన్ ఉన్నచోట ఉండొచ్చు కాబట్టి తెరలోనే చూసుకోవాలి. బోర్డు మీది లైటు ఆర్పడమో, ఫోన్‌ని కాస్త జరపడమో చేస్తే పోతుంది. తర్వాత తెరమీద బోర్డును నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో వెలుగూ ఫోకసూ లాక్ అవుతాయి. లేకపోతే తెల్లచొక్కా మాష్టారు అటూ ఇటూ నడిచినప్పుడల్లా బోర్డు ముదిరి, వెలిసి కనపడుతుంది.

యాభై నిమిషాల పాఠంలో విలోమ మాత్రిక ఎక్కడుందో వెతుక్కోవడం పిల్లలకు విసుగు. యూట్యూబ్‌లో వీడియో కింద వివరణలో ఇలా రాస్తే అధ్యాయాలు ఏర్పడతాయి:

```
0:00 నిన్నటి పాఠం
4:10 నిర్ధారకం అంటే
12:35 3×3 నిర్ధారకం విస్తరణ
27:50 విలోమ మాత్రిక: ఒక లెక్క
41:20 పిల్లల సందేహాలు
```

మొదటిది 0:00 అయి తీరాలి, కనీసం మూడుండాలి, ఒక్కోటి 10 సెకన్లకు తగ్గకూడదు. 'భాగం 1', 'భాగం 2' అని రాస్తే ఉపయోగం లేదు, అక్కడ చేసిన లెక్క పేరే రాయాలి. కొత్త లెక్క మొదలైనప్పుడల్లా ఫోన్ మీది టైము నోట్ చేయమని ముందు బెంచీ పిల్లల్లో ఒకరికి చెబితే, తర్వాత వీడియో మొత్తం తిరిగి చూసే పని తప్పుతుంది. ఒక్క జాగ్రత్త: మొదట్లో హాజరు పిలిచిన భాగం కత్తిరిస్తే టైములన్నీ అంతమేర ముందుకు జరుగుతాయి. అది మూడు నిమిషాలైతే ప్రతి టైములోంచీ మూడు నిమిషాలు తీసేసి రాయాలి.