ఖాతాలో పడిన డబ్బు, పడాల్సిన డబ్బు

ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో సరుకు అమ్మేవాళ్ళకు డబ్బు ఆర్డర్ ఆర్డర్‌కూ విడిగా రాదు. కొన్ని రోజులకోసారి ఒక మొత్తం బ్యాంకులో పడుతుంది. దానితోపాటు సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్ అనే పట్టిక వస్తుంది. అమ్మకాలు, కమిషన్, షిప్పింగ్ రుసుము, పన్ను కోతలు, రిటర్న్‌లు అన్నీ అందులో వందల వరుసలుగా ఉంటాయి. చాలామంది చిన్న వ్యాపారులు ఆ పట్టిక అడుగున ఉన్న అంకెనూ బ్యాంకులో పడిన అంకెనూ పక్కపక్కన పెట్టి, రెండూ ఒకటే కాబట్టి లెక్క సరిపోయిందనుకుంటారు. ఆ రెండూ ఎప్పుడూ సరిపోతాయి. స్టేట్‌మెంట్‌లోని ఆఖరి అంకెనే కదా బ్యాంకుకు పంపేది! అది సైటు తన లెక్కను తనతోనే సరిచూసుకోవడం. అమ్మినవాడి లెక్క అక్కడ ఎక్కడా లేదు.

అసలు సరిచూడటం మన ఆర్డర్ల దగ్గర మొదలుకావాలి. ఒక్కో ఆర్డర్‌కు ఎంత రావాలో మనం విడిగా లెక్క కట్టుకుని, వచ్చినదాన్ని దాని పక్కన పెట్టాలి.

మంగళగిరి నూలు చీరలు అమ్మే ఒక చిన్న వ్యాపారిని తీసుకుందాం. చీర ధర 5 శాతం జీఎస్‌టీతో కలిపి 1,050 రూపాయలు. అంటే సరుకు విలువ 1,000, పన్ను 50. రుసుముల రేట్లు సైటుకో రకంగా ఉంటాయి, తరచు మారతాయి కూడా. ఉదాహరణకు కమిషన్ పది శాతం చొప్పున 105, ప్రతి ఆర్డర్‌కూ ఉండే స్థిర రుసుము 30, అరకిలోలోపు పార్శిల్‌కు షిప్పింగ్ 65 అనుకుందాం. మొత్తం 200. ఈ రుసుముల మీద 18 శాతం జీఎస్‌టీ 36. ఇక రెండు పన్ను కోతలు. జీఎస్‌టీ చట్టం కింద టీసీఎస్ సరుకు విలువ మీద 0.5 శాతం, అంటే 5 రూపాయలు. ఆదాయపు పన్ను టీడీఎస్ 0.1 శాతం, అంటే 1 రూపాయి. 2024కు ముందు ఈ రెండూ ఒక్కో శాతం ఉండేవి. టీసీఎస్‌ను ఆ ఏడాది జులై 10 నుంచి, టీడీఎస్‌ను అక్టోబర్ 1 నుంచి తగ్గించారు. అన్నీ పోగా ఈ చీరకు చేతికి రావాల్సింది 808 రూపాయలు.

స్టేట్‌మెంట్‌లో కొన్ని చీరలకు 808 వచ్చింది. కొన్నింటికి మాత్రం 754.90 వచ్చింది. అదే చీర, అదే ధర, పంపినది కూడా దాదాపు అంతే దూరం. తేడా 53.10.

విడదీసి చూస్తే కారణం షిప్పింగ్ వరుసలో దొరుకుతుంది. 65 ఉండాల్సిన చోట 110 ఉంది. అది కిలో పార్శిల్ రేటు. ఎక్కువ పడిన 45 రూపాయల మీద మళ్ళీ 18 శాతం జీఎస్‌టీ 8.10 కలిసింది. చీర ప్యాకింగ్‌తో సహా 460 గ్రాములే తూగుతుంది. మరి కిలో ఎలా అయింది?

కొరియర్ లెక్కలో తూకాలు రెండు. ఒకటి కాటా మీద చూసే బరువు. రెండోది పెట్టె ఆక్రమించే చోటును బట్టి కట్టే వాల్యూమెట్రిక్ బరువు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే ఇది కిలోల్లో వస్తుంది. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే రుసుము. ఆపైన దాన్ని అరకిలో చొప్పున పై మెట్టుకు సవరిస్తారు. మన చీర ప్యాకెట్ 32 సెంటీమీటర్ల పొడవు, 26 వెడల్పు, 3 ఎత్తు. గుణిస్తే 2,496. అంటే 499 గ్రాములు. అరకిలో మెట్టుకు ఒక్క గ్రాము లోపల ఉంది. అదే ప్యాకెట్ కవరులో కాస్త గాలి ఉండిపోయి, గోదాములో కొలిచే యంత్రం కింద ఎత్తు 4 సెంటీమీటర్లని నమోదైతే 3,328 అవుతుంది. అంటే 666 గ్రాములు. కాబట్టి కిలో రేటు. చీర బరువు మారలేదు, ఒక సెంటీమీటర్ ఉబ్బింది, అంతే.

దీన్ని పట్టుకోవడానికి రేట్ల పట్టిక కూడా అక్కర్లేదు. సరుకు కోడ్‌ వారీగా, దూరం జోన్ వారీగా షిప్పింగ్ రుసుములను ఒకచోట చేర్చి చూడాలి. ఒకే సరుకుకు ఒకే జోన్‌లో రెండు రకాల రుసుము కనబడితే, కొలతలో ఏదో జరిగిందన్నమాట. అయితే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మధ్యలో రేట్లు మారి ఉండొచ్చు కాబట్టి, డబ్బు పడిన నాటి రేటుతో కాక ఆ ఆర్డర్‌కు వర్తించే రేటుతోనే పోల్చాలి. ఒకే ఆర్డర్‌లో రెండు చీరలు వెళ్ళి ఉంటే కిలో రేటు న్యాయమైనదే.

నెలకు 240 చీరలు వెళ్ళి, 60 చీరలకు ఇలా పడితే 2,700 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ 486. ఆ జీఎస్‌టీ మామూలు రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారికి ఇన్‌పుట్ క్రెడిట్‌గా దక్కుతుంది కనుక అసలు నష్టం 2,700. ఫిర్యాదు పెట్టేటప్పుడు అరవై ఆర్డర్లకు అరవై ఫిర్యాదులు వద్దు. సరుకు కోడ్ ఒకటి, ఆర్డర్ నంబర్ల జాబితా ఒకటి, కాటా మీద ప్యాకెట్ ఫోటో, ప్రతి వైపునా టేపు పెట్టి అంకె కనిపించేలా తీసిన ఫోటోలు చాలు. డబ్బు వాపసుతోపాటు ఆ సరుకును మళ్ళీ కొలవమని అడగాలి. నా లెక్కన రెండోదే ముఖ్యం. సైటు తన రికార్డులో 4 సెంటీమీటర్లని రాసుకుని ఉంటే వచ్చే నెల కూడా అదే కోత పడుతుంది. వాపసు వచ్చినప్పుడు 45 మాత్రమే వచ్చిందా, 8.10 కూడా తిరిగొచ్చి క్రెడిట్ నోట్‌లో కనబడిందా అన్నది చూసుకోవాలి. రుసుము వెనక్కి ఇచ్చినప్పుడు దాని పన్నూ వెనక్కి రావాలి.

ఈ పోలికంతా ఎక్సెల్‌లో చేసుకోవచ్చు. ఒక షీట్‌లో మన ఆర్డర్లు, ఇంకో షీట్‌లో స్టేట్‌మెంట్. చాలామంది ఇక్కడ VLOOKUP వాడతారు. అది మొదట దొరికిన ఒక్క వరుసనే తెస్తుంది. స్టేట్‌మెంట్‌లో ఒక్కో ఆర్డర్‌కు ధర, కమిషన్, షిప్పింగ్, పన్నులు ఇలా చాలా వరుసలుంటాయి. అమ్మకం ఒక వారం, రిటర్న్ మరో వారం స్టేట్‌మెంట్‌లో రావచ్చు. అందుకే రెండు మూడు నెలల స్టేట్‌మెంట్లను ఒకదాని కింద ఒకటి పేర్చి, ఆర్డర్ వారీగా కూడిక వేయాలి:

```
=SUMIFS(Settlement!E:E, Settlement!A:A, A2)
```

ఇక్కడొక చిక్కుంది. ఎక్సెల్ అంకెల్లో 15 స్థానాలనే గుర్తుంచుకుంటుంది. ఆర్డర్ నంబర్ అంతకన్నా పొడవైన వట్టి అంకెలైతే చివరివి సున్నాలైపోతాయి. టెక్స్ట్‌గా తెరిచినా SUMIFS వాటిని అంకెలుగానే పోలుస్తుంది. మొదటి 15 స్థానాలు ఒకటైన రెండు ఆర్డర్లను ఒకే ఆర్డర్ అనుకుని కలిపేస్తుంది. టెక్స్ట్‌గా తెరిచాక రెండు షీట్లలోనూ నంబర్ ముందు ఒక అక్షరం చేర్చితే ఇది తప్పుతుంది:

```
="K"&A2
```

తప్పు కోతకు స్టేట్‌మెంట్‌లో కనీసం ఒక వరుస ఉంటుంది. రాని పరిహారానికి వరుసే ఉండదు. ఎంత శ్రద్ధగా చదివినా లేనిది కంటికి కనబడదు కాబట్టి, పెద్ద నష్టాలు నిశ్శబ్దంగా ఇక్కడే జరుగుతాయి.

కస్టమర్ చీర వద్దన్నాడు. స్టేట్‌మెంట్‌లో 1,050 వెనక్కి పోయింది, కమిషన్ తిరిగొచ్చింది, రిటర్న్ షిప్పింగ్ రుసుము పడింది. అంకెల వరకు అంతా సక్రమమే. చీర మాత్రం దుకాణానికి చేరలేదు. లేదా కవరులో కట్టి విడిచిన పాత చీర వచ్చింది. ఈ సంగతి స్టేట్‌మెంట్‌కు తెలియదు. తెలిసేది సరుకు అందుకునే మనిషికి మాత్రమే.

అందుకే మూడో లెక్క ఒకటి ఉండాలి, దుకాణంలోనే రాసుకునే రిటర్న్ రిజిస్టర్. వచ్చిన ప్రతి ప్యాకెట్‌కూ తేదీ, కొరియర్ ట్రాకింగ్ నంబర్, ఆర్డర్ నంబర్, లోపల ఏముంది, ఏ స్థితిలో ఉంది రాయాలి. ప్యాకెట్ విప్పేటప్పుడు లేబుల్ కనబడేలా, ఆపకుండా ఒకే వీడియో తీయాలి. మధ్యలో కోసిన వీడియోను క్లెయిమ్‌లో తోసిపుచ్చడం తేలిక. వారానికోసారి స్టేట్‌మెంట్‌లో డబ్బు వెనక్కి పోయిన ఆర్డర్లను ఈ రిజిస్టర్‌తో కలిపి చూస్తే అవి మూడు రకాలుగా విడిపోతాయి. చీర బాగా వచ్చినవాటితో పని లేదు. చెడిపోయి లేదా మారిపోయి వచ్చినవాటికి వెంటనే క్లెయిమ్ వేయాలి. అసలు రానివాటికి ట్రాకింగ్ చూడాలి. ఇంకా దారిలో ఉంటే ఆగాలి. అందజేశామని ట్రాకింగ్‌లో ఉండి మన రిజిస్టర్‌లో లేకపోతే, సంతకం లేదా ఓటీపీతో సహా డెలివరీ రుజువు చూపమని అడగాలి.

క్లెయిమ్‌కు గడువుంటుంది. అది సైటును బట్టి, నష్టం రకాన్ని బట్టి మారుతుంది. చెడిపోయిన సరుకుకైతే సాధారణంగా చాలా తక్కువ రోజులే ఇస్తారు. నెలాఖరున ఆడిటర్ దగ్గర లెక్క తేలేసరికి ఆ గడువు దాటిపోయి ఉంటుంది. మీ సైటు నిబంధనల్లో నేటి గడువు చూసి రిజిస్టర్ అట్ట మీదే రాసుకోండి.

క్లెయిమ్ ఆమోదించామని సందేశం వస్తే పని అయిపోయినట్టు కాదు. ఆ సొమ్ము తర్వాతి స్టేట్‌మెంట్‌లో ఒక వరుసగా రావాలి. ఎంత వచ్చిందో కూడా చూడాలి. చాలా సైట్లు పూర్తి అమ్మకం ధర ఇవ్వవు, తమ నిబంధన ప్రకారం కొంత భాగమే ఇస్తాయి. పోయిందన్న సరుకు తర్వాత దొరికితే ఇచ్చిన పరిహారాన్ని వెనక్కి లాగుతాయి. అలా లాగినప్పుడు సరుకు నిజంగా మన చేతికి వచ్చిందా అని మళ్ళీ రిజిస్టర్ తిరగేయాలి.

ప్రతి తేడా తప్పు కాదన్నదీ నిజమే. ప్రకటనల ఖర్చు, గోదాము అద్దె ఏ ఆర్డర్‌కూ చెందవు, వాటిని విడిగా చూడాలి. కొంత సొమ్మును సైటు రిటర్న్‌ల కోసం పట్టి ఉంచి తర్వాత వదులుతుంది. టీసీఎస్ పోయిన డబ్బు కాదు. జీఎస్‌టీ పోర్టల్‌లో దాన్ని అంగీకరిస్తే మన క్యాష్ లెడ్జర్‌లో చేరుతుంది. టీడీఎస్ మన ఆదాయపు పన్ను ఖాతాలో కనబడుతుంది. అక్కడ కనబడకపోతే మాత్రం అదీ ఫిర్యాదుకు తగిన లోటే.

ఈ శ్రమలో చాలా భాగం వ్యాపారి మీద పడాల్సింది కాదు. ప్యాకెట్‌ను కొలిచింది సైటు యంత్రం, ఆ మూడు కొలతలూ దాని దగ్గరే ఉన్నాయి. షిప్పింగ్ రుసుము వేసిన ప్రతి వరుస పక్కనే వాటిని, కొలిచినప్పటి ఫోటోను చూపించాలని మార్కెట్‌ప్లేస్‌లను అడగాలి. ఒక్కో వ్యాపారి విడిగా అడిగితే జవాబు రాకపోవచ్చు. అమ్మకందారుల సంఘాలు కలిసి ఈ ఒక్క కోరికను ముందుపెట్టాలి.