దరఖాస్తే పెట్టలేదా? ఫీజు వెనక్కి అడగండి

కెనడా పీఆర్ కోసం హైదరాబాద్‌లో ఒకరు కన్సల్టెన్సీకి లక్షన్నర కట్టారనుకుందాం. ఏడాదైనా ‘ప్రాసెస్‌లో ఉంది’ అన్న మాటే వినిపిస్తోంది. అలాంటప్పుడు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ప్రొఫైల్ నంబరు అడగాలి. అది చూపించలేకపోతే ప్రొఫైలే వేయలేదేమోనని అనుమానించాలి.

వీసా తిరస్కరించడం వేరు, దరఖాస్తే పెట్టకపోవడం వేరు. రెండోది సేవాలోపం. ఒప్పందంలో ‘నాన్ రిఫండబుల్’ అని ఉన్నా, చేయని పనికి కట్టిన డబ్బు వెనక్కి అడగవచ్చు.

ముందుగా రసీదులు, ఒప్పందం, వాట్సాప్ సందేశాల నకళ్లు జతచేసి, 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపాలి. స్పందన లేకపోతే మీరుండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. లాయరు తప్పనిసరి కాదు. వివాదం తలెత్తిన 2 ఏళ్లలోపే వెళ్లాలి. ‘వచ్చే నెల ఇస్తాం’ అనే మాట నమ్మి ఆ గడువు పోగొట్టుకోకండి.