రెండో గీత

నెలనెలా తేదీ తప్పకుండా పీరియడ్స్ వచ్చే అమ్మాయికి అనుమానం ఎప్పుడు పడాలో తెలుస్తుంది. ఒక నెల 38 రోజులకు, ఇంకో నెల 50 రోజులకు వచ్చే అమ్మాయికి అలాంటి రోజంటూ ఉండదు. ‘నాకెప్పుడూ లేటే కదా’ అనుకుంటూ కొన్నాళ్లు గడిపేస్తుంది. ఆ తర్వాత ఒక రాత్రి ఉన్నట్టుండి నిద్ర పట్టదు.

అమీర్‌పేటలోని ఒక వర్కింగ్ విమెన్స్ హాస్టల్. నలుగురుండే గది, అంతస్తు మొత్తానికీ కలిపి బాత్రూములు. అందులో ఉండే ఒక అమ్మాయి కథ ఇది. లలిత అనుకుందాం. గచ్చిబౌలిలో ఉద్యోగం, సగం నెల నైట్ షిఫ్టులు. ఆఖరిసారి పీరియడ్స్ వచ్చింది మార్చి 3న. ఏప్రిల్ 18న స్నేహితుడితో గడిపింది. ఏప్రిల్ 26 సాయంత్రం, హాస్టల్ వీధిలో కాకుండా రెండు బస్టాపుల అవతల మెడికల్ షాపులో కిట్ కొంది. మర్నాడు పొద్దున్నే పేపరు టీ కప్పు పట్టుకుని బాత్రూములోకి వెళ్లింది.

కిట్‌తో ఇచ్చిన డ్రాపర్‌తో గుంటలో మూడు చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగాలి. బయట తలుపు కొడుతున్నారు. “అక్కా, ఇంకెంతసేపు? నాకు క్యాబ్ వచ్చేసింది!” ఐదు నిమిషాలూ ఆగనే ఆగింది. ‘C’ దగ్గర గులాబీ గీత పడింది, ‘T’ దగ్గర ఏమీ లేదు. C గీత కిట్ పనిచేసిందని చెప్పేది. అది పడకపోతే ఆ పరీక్ష లెక్కలోకి రాదు, కొత్త కిట్ తీసుకోవాల్సిందే. T గీత పడితే గర్భం.

ఊపిరి పీల్చుకుని కిట్‌ను కవర్లో చుట్టి బ్యాగులో పెట్టుకుంది. గదిలోని చెత్తబుట్టలో వేస్తే ఎవరైనా చూస్తారని భయం. రాత్రి ఆఫీసు నుంచి వచ్చాక పారేసే ముందు మళ్లీ చూసింది. T దగ్గర సన్నగా, బూడిద రంగులో ఇంకో గీత! ఆ రాత్రంతా దుప్పటి ముసుగులో ఫోన్ చూస్తూనే ఉంది, పక్క మంచం అమ్మాయికి మాత్రం తలనొప్పని చెప్పింది.

నిజానికి ఆ గీతకు అర్థం లేదు. తడి ఆరిపోయాక పట్టీ మీద మిగిలే మరక అది. గర్భాన్ని చెప్పే గీత ఎంత లేతగా ఉన్నా C గీత రంగులోనే ఉంటుంది, చెప్పిన సమయంలోపే కనిపిస్తుంది. కిట్ కాగితం మీద రాసిన సమయం దాటాక కనిపించినదాన్ని నమ్మకూడదు.

అలాగని పొద్దున కనిపించిన ఒంటి గీతనూ నమ్మడానికి లేదు. లలిత తొందరపడింది. కిట్ వెతికేది హెచ్‌సీజీ అనే హార్మోన్‌ని. పిండం గర్భసంచి గోడకు అతుక్కున్నాకే అది ఒంట్లో తయారవుతుంది. మూత్రంలో కిట్‌కు అందేంతగా పెరగడానికి మరికొన్ని రోజులు కావాలి. పైగా వీర్యకణాలు ఐదు రోజుల దాకా బతికుంటాయి కాబట్టి, అండం ఆ తర్వాత విడుదలైనా గర్భం రావచ్చు. ఇవన్నీ కలిపితే మూడు వారాలు. అందుకే నెలసరి తప్పిన రోజు తెలియనివాళ్లు ఆఖరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టుకోవాలి. లలిత 9వ రోజునే చూసుకుంది. ఆమెకు సరైన రోజు మే 9.

ఆ రోజు తెల్లవారుజామున, ఎవరూ లేవకముందే మళ్లీ చూసుకుంది. రాత్రంతా నిలిచిన మూత్రం చిక్కగా ఉంటుంది కాబట్టి ఆ వేళ మంచిది. ఒకటే గీత. ఈసారి నమ్మొచ్చు. కానీ 67 రోజులైనా పీరియడ్స్ రాలేదంటే కారణం వేరే ఉంది. లేడీ డాక్టరు థైరాయిడ్ పరీక్ష, స్కానింగ్ చేయించి పీసీఓడీ అని చెప్పింది. “పీసీఓడీ ఉంటే గర్భం రాదని ఎవరైనా చెబితే నమ్మకమ్మా. అండం ఎప్పుడు విడుదలవుతుందో తెలియదంతే” అంది. లలిత అదివరకు నమ్మింది సరిగ్గా ఆ మాటే.

గీత పడి ఉంటే? అప్పుడూ వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికే, మెడికల్ షాపుకు కాదు. 18 ఏళ్లు నిండిన స్త్రీ గర్భం తీయించుకోవడానికి చట్టం అడిగేది ఆమె ఒక్కదాని సమ్మతే. అమ్మానాన్నల సంతకం, భర్త సంతకం అక్కర్లేదు. 20 వారాల లోపు ఒక డాక్టరు అభిప్రాయం చాలు, పెళ్లికానివాళ్లకూ అంతే. పేరు బయటపెట్టడం నేరం.

ఒక్క విషయంలో మాత్రం రోజులు లెక్కపెడుతూ కూర్చోవద్దు. పీరియడ్స్ ఆలస్యమై, పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, రక్తస్రావం, కళ్లు తిరగడం ఉంటే అది గర్భసంచి బయట నిలిచిన గర్భం కావచ్చు. కిట్ ఏం చూపించినా సరే, రూమ్మేట్‌ను లేపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.