నష్టానికీ గడువు తేదీ ఉంది

ఖమ్మంలో నాకు తెలిసిన ఒకాయనకు ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు ఉంది. పెళ్లి బ్యానర్ల నుంచి నాయకుల పుట్టినరోజు కటౌట్ల దాకా అన్నీ వేస్తాడు. 2023 ఆగస్టు 9న రిటర్ను వేసి వచ్చి, "నష్టమే కదన్నా, కట్టాల్సిన పన్నే లేదు. పది రోజులు అటూ ఇటూ అయితే ఏమవుద్ది?" అన్నాడు. ఏమైందో మరుసటి ఏడాది తెలిసింది. సుమారు 35,500 రూపాయలు అయింది.

ఆ లెక్క మొదటి నుంచి చెప్పుకుందాం. అంకెలు తేలిగ్గా అర్థం కావాలని కాస్త గుండ్రం చేశాను.

2020-21 కోవిడ్ సంవత్సరం. పెళ్లిళ్లు పందిట్లోకి రాలేదు, జాతరలు లేవు, ఫ్లెక్సీ అడిగినవాడు లేడు. అద్దె, జీతాలు, కరెంటు బిల్లు పోను ఆ ఏడాది నాలుగున్నర లక్షలు నష్టం. దీనికి తోడు అంతకుముందే కొన్న ప్రింటర్ మీద తరుగుదల ఉంది. యంత్రాల మీద ఏటా, పుస్తకాల్లో మిగిలిన విలువపై 15 శాతం తరుగుదల రాసుకోనిస్తారు. ఆ ఏప్రిల్‌కి ప్రింటర్ విలువ పది లక్షలు, కాబట్టి తరుగుదల లక్షన్నర. ఈ రెండూ బయటికి ఒకే నష్టంలా కనిపిస్తాయి. చట్టం మాత్రం వీటిని వేరువేరు పద్దుల్లో పెడుతుంది. ఎందుకన్నది తర్వాత చూద్దాం.

అదే ఏడాది ఆయనకు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద లక్ష రూపాయల వడ్డీ వచ్చింది. వ్యాపార నష్టాన్ని ముందుగా అదే ఏడాది వచ్చిన ఇతర ఆదాయంతో సర్దుకోవాలి. వడ్డీతో సర్దుకోవచ్చు, అద్దెతో సర్దుకోవచ్చు, జీతంతో మాత్రం కుదరదు. పగలు కంపెనీలో ఉద్యోగం, సాయంత్రం సొంత వ్యాపారం చేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో డబ్బు పోగొట్టుకున్న ఉద్యోగుల పరిస్థితీ ఇదే. ఆ నష్టాన్నీ చట్టం వ్యాపార నష్టంగానే చూస్తుంది కాబట్టి, జీతం మీద పన్ను కట్టాల్సిందే.

మనవాడి వడ్డీకి నష్టంలో లక్ష సర్దేశారు, మిగిలింది మూడున్నర లక్షలు. నిజానికి ఆయనకు ఆ సర్దుబాటు అక్కర్లేదు. అప్పట్లో రెండున్నర లక్షల దాకా ఎలాగూ పన్ను లేదు, లక్ష వడ్డీకి ఒక్క రూపాయి కూడా పడేది కాదు. అయినా "ఆ లక్ష నష్టాన్ని దాచుకుని, బాగా సంపాదించిన ఏడాది వాడుకుంటా" అనడానికి లేదు. నష్టం ఎప్పుడు కరగాలో నిర్ణయించేది వ్యాపారి కాదు, చట్టంలోని వరుస.

మరుసటి ఏడాది, 2021-22లో, షాపు కోలుకుంది. ఆ ఏడాది తరుగుదల పోను రెండు లక్షల లాభం. పాత నష్టంలో రెండు లక్షలు దానికి పోయాయి, మిగిలింది లక్షన్నర. ఇక్కడా అదే కథ. రెండు లక్షల లాభానికి ఎలాగూ పన్ను లేకపోయినా నష్టం మాత్రం ఖర్చయిపోయింది.

2022-23లో ప్రింటర్ హెడ్లు పోయాయి. అవి మార్చేసరికి లక్షన్నర నష్టం, తరుగుదల ఇంకో లక్షా ఎనిమిది వేలు. ఆ రిటర్నే ఆగస్టు 9న వేసింది. ఆడిట్ అవసరం లేని చిన్న వ్యాపారాలకు ఆ ఏడాది గడువు జూలై 31, పొడిగింపు ఇవ్వలేదు. కోవిడ్ ఏడాది గడువు డిసెంబరు 31 దాకా జరిగింది కదా, ఈసారీ జరుగుతుందిలే అనుకున్నాడు.

చట్టం మాట ఇది: వ్యాపార నష్టాన్ని తర్వాతి ఏళ్లకు తీసుకెళ్లాలంటే ఆ నష్టం చూపిన రిటర్ను గడువులోగా వేసి ఉండాలి. గడువు దాటాక కూడా రిటర్ను తీసుకుంటారు, కానీ అందులోని వ్యాపార నష్టం ఆ ఏడాదితోనే ఆగిపోతుంది. లాభం వచ్చినవాడు ఆలస్యమైతే ఆలస్య రుసుము, వడ్డీ కట్టి బయటపడతాడు. నష్టం వచ్చినవాడు ఆలస్యమైతే నష్టాన్నే పోగొట్టుకుంటాడు. పన్ను లేదన్న ధీమాతో గడువును పట్టించుకోనిది కూడా ఈ రెండోవాడే.

లక్షా ఎనిమిది వేల తరుగుదల మాత్రం బతికింది. రెండు పద్దులూ వేరన్నది ఇందుకే. వ్యాపార నష్టానికి గడువులోగా వేసిన రిటర్ను కావాలి, ఆయుష్షు ఎనిమిదేళ్లు, సర్దుకోవడానికి వ్యాపార లాభమే కావాలి. మిగిలిపోయిన తరుగుదలకు కాలపరిమితి లేదు, రిటర్ను ఆలస్యమైనా పోదు, జీతం మినహా ఇతర ఆదాయంతోనూ సర్దుకోవచ్చు. లాభం వచ్చినప్పుడు ముందు ఆ ఏడాది తరుగుదల, తర్వాత పాత వ్యాపార నష్టం, చివర్న పాత తరుగుదల. చావు తేదీ ఉన్నదాన్ని ముందు వాడి, లేనిదాన్ని చివరికి ఉంచుతారు. ఈ ఒక్క విషయంలో చట్టం వ్యాపారి పక్షాన ఆలోచించిందనే చెప్పాలి.

ఇక 2023-24. తెలంగాణ శాసనసభ ఎన్నికలు 2023 నవంబరులో వచ్చాయి. ఫ్లెక్సీ షాపులకు అంతకంటే ఏం కావాలి? ఆ ఏడాది తరుగుదల పోను పన్నెండు లక్షల లాభం. అందులోంచి కోవిడ్ ఏడాది నష్టంలో మిగిలిన లక్షన్నర తీశారు. తర్వాత రెండు సంవత్సరాల పాత తరుగుదల, మొత్తం రెండు లక్షల 58 వేలు తీశారు. పన్ను లెక్కకు మిగిలింది ఏడు లక్షల 92 వేలు. కొత్త పన్ను విధానంలో దానికి సెస్సుతో కలిపి సుమారు 35,500 పన్ను పడింది.

ఆగస్టులో పోగొట్టుకున్న లక్షన్నర కూడా ఉండి ఉంటే ఆదాయం ఆరు లక్షల 42 వేలకు దిగేది. ఆ ఏడాది ఏడు లక్షల లోపు ఆదాయానికి రిబేటు ఉంది కాబట్టి పన్ను సున్నా. తొమ్మిది రోజుల ఆలస్యం ఖరీదు ఆ 35,500.

ఎనిమిదేళ్ల లెక్కలో కూడా చాలామంది పొరబడతారు. ప్రతి ఏడాది నష్టానికీ దాని గడియారం దానిదే. 2020-21 నష్టం పూర్తిగా కరగకపోయి ఉంటే, 2028-29 లాభంతో సర్దుకోవడానికి అదే ఆఖరి ఏడాది. 2022-23 నష్టం గడువులోగా చూపి ఉంటే, అది 2030-31 దాకా ఉండేది. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి, ఎనిమిదేళ్ల సూత్రం మారలేదు. నష్టం తెచ్చిన వ్యాపారమే కొనసాగాలన్న నియమం ఒకప్పుడు ఉండేది, 1999లో దాన్ని తీసేశారు. అంటే ఫ్లెక్సీ షాపు మూసేసి టిఫిన్ సెంటర్ పెట్టినా, ఫ్లెక్సీ నష్టం ఇడ్లీ లాభంతో సర్దుకుంటుంది. కాకపోతే మనిషి మారకూడదు. తండ్రి బతికుండగా షాపును కొడుకు పేరుకు రాసిస్తే నష్టం కొడుకుతో వెళ్లదు, వారసత్వంగా వస్తే వెళుతుంది.

నష్టం నిజమైనదైతే ఈ పరిమితులెందుకు అని అడగవచ్చు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా అన్నది మనం గీసుకున్న గీత, వ్యాపారానికి ఆ గీతతో పనిలేదు. ఐదేళ్లలో మొత్తం మీద ఏమీ మిగలని వ్యాపారి, లాభం వచ్చిన రెండేళ్లకు మాత్రం పన్ను కడితే లేని ఆదాయానికి పన్ను కట్టినట్టే. అందుకే నష్టాన్ని ముందుకు తీసుకెళ్లనిస్తారు. అవతలి వైపు, నష్టాన్ని సరుకులా అమ్ముకునేవాళ్లున్నారు. పనిలేని కంపెనీని దాని పాత నష్టాల కోసమే కొని తమ లాభాలకు పన్ను తప్పించుకుంటారు. ప్రైవేటు కంపెనీల్లో నష్టం వచ్చిననాటి వాటాదారుల చేతిలో కనీసం 51 శాతం ఓటు హక్కు ఉండాలన్న నియమం ఈ ఎత్తును ఆపడానికే. స్టార్టప్‌లకు కొన్ని సడలింపులున్నాయి. ఇంకో ఎత్తు విలీనం. కంపెనీని వేరేదానిలో కలిపేస్తే పాత నష్టానికి ఎనిమిదేళ్ల లెక్క మళ్లీ మొదలయ్యేది. 2025 ఫైనాన్స్ చట్టం ఆ తలుపు మూసింది. ఇప్పుడు నష్టం మొదట వచ్చిన ఏడాది నుంచే లెక్క.

అమెరికాలో పరిమితి మరో రూపంలో ఉంటుంది. అక్కడ కంపెనీ పెట్టుకున్న మన తెలుగువాళ్లకు ఇది అనుభవమే. 2017లో చేసిన పన్ను చట్టం తర్వాత నష్టాలకు కాలపరిమితి లేదు, ఎన్నేళ్లయినా మోసుకెళ్లవచ్చు. కానీ ఏ ఏడాదైనా ఆదాయంలో 80 శాతం వరకే సర్దుకోవాలి. పాత నష్టం ఐదు లక్షల డాలర్లున్న కంపెనీకి ఈ ఏడాది రెండు లక్షల లాభం వస్తే, 1,60,000 డాలర్లే సర్దుకోవచ్చు. మిగతా 40,000 మీద 21 శాతం, అంటే 8,400 డాలర్లు కట్టాల్సిందే. బ్రిటన్‌లో 2017 నుంచి 50 లక్షల పౌండ్ల దాకా పూర్తి సర్దుబాటు, ఆపైన లాభంలో సగానికే. మన దగ్గర లాభం మొత్తాన్నీ చెరిపేయవచ్చు, కానీ కాలం తరుముతుంది. అక్కడ కాలం తరమదు, ఏటా ఎంతో కొంత కట్టించుకుంటారు. నాకు అడిగితే ఖమ్మం ఫ్లెక్సీ షాపుకు మన పద్ధతే నయం. పదేళ్లపాటు లాభం ముఖం చూడని పెద్ద ఫ్యాక్టరీకి మాత్రం అమెరికా పద్ధతి కావాలి.

మీ నష్టం బతికుందో లేదో చూడాలంటే, మీరు వేసిన రిటర్నులో `Schedule CFL` అన్న పట్టిక తెరవండి. ఏ ఏడాది నష్టం ఎంత, రిటర్ను ఏ తేదీన వేశారు, ఎంత మిగిలిందన్నవి వరుసగా ఉంటాయి. తరుగుదల `Schedule UD`లో ఉంటుంది. మీది ITR-4 అయితే ఆ పట్టికలే ఉండవు. అది అమ్మకాల మీద అంచనా లాభం చూపేవాళ్ల ఫారం, అందులో నష్టం చూపే చోటే లేదు. నష్టం వచ్చిన ఏడాది వ్యక్తులు వేయాల్సింది ITR-3. రిటర్ను ప్రాసెస్ చేశాక శాఖ పంపే ఇంటిమేషన్‌లో ఈ అంకెలు మారాయేమో కూడా చూడాలి.

పోయిన నష్టాన్ని తిరిగి తెచ్చుకునే దారి ఒకటుంది. ఆలస్యాన్ని మన్నించమని కమిషనర్‌కు దరఖాస్తు చేయవచ్చు. 2024 అక్టోబరు 1న ప్రత్యక్ష పన్నుల బోర్డు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, కోటి లోపు నష్టాలను ఆ స్థాయిలోనే తేలుస్తారు. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక ఐదేళ్ల వరకు అడగవచ్చు. మనవాడి విషయంలో అది 2029 మార్చి 31. అయితే ఆలస్యానికి సరైన కారణం, నిజమైన ఇబ్బంది చూపాలి.

"ఆ జూలైలో ఒంట్లో బాగోలేదా? ఆసుపత్రి కాగితాలేమైనా ఉన్నాయా?" అని ఆడిటర్ గారు అడిగారు. మనవాడు ఫైలంతా వెతికాడు. అందులో దొరికింది ప్రింటర్ హెడ్ల బిల్లు ఒక్కటే.